కరెంటు స్తంభం చూసి ఫొటో ఏ దేశానిదో పట్టుకోవడం: ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మొదలుపెట్టండి

బోర్డులు లేవు, బండి నంబర్ ప్లేటు మసకగా ఉంది, మనుషులు ఎక్కడో దూరంగా ఉన్నారు, మిగిలిందల్లా రోడ్డు పక్కన ఒక కరెంటు స్తంభం. స్ట్రీట్ వ్యూ ఫొటో చూసి అది ఎక్కడిదో ఊహించే జియోగెస్సర్ ఆట ఆడేవాళ్లకీ, వాట్సాప్‌లో తిరిగే ఫొటో నిజంగా ఎక్కడిదో తేల్చాలనుకునేవాళ్లకీ ఇది మామూలే. ఇలాంటప్పుడు చాలామంది ముందు స్తంభం సిమెంటుదా చెక్కదా అని చూస్తారు. నేను మాత్రం అది చివర్లో చూడమంటాను, ఎందుకంటే స్తంభం ఆ ఏరియాలో ఏది చౌకగా దొరికితే దాంతో చేసేస్తారు, ఒకే దేశంలో నాలుగు రకాలు కనపడతాయి, పాతది పడిపోతే కొత్తరకం పాతుతారు. కరెంటుని ఎంత వోల్టేజిలో, ఎన్ని వైర్ల మీద పంచాలి అన్న నిర్ణయం అలాంటిది కాదు, దాన్ని మార్చాలంటే ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి ఇంట్లో ఫ్యాన్ల దాకా అన్నీ మార్చాలి కాబట్టి మొదట్లో పెట్టుకున్న పద్ధతే వందేళ్లయినా నడుస్తుంది. అందుకే నా వరస ఇది: ముందు ట్రాన్స్‌ఫార్మర్, తర్వాత పైన ఉండే ఎక్కువ వోల్టేజి వైర్లు, అంటే హెచ్‌టీ, తర్వాత ఇళ్లకి వెళ్లే తక్కువ వోల్టేజి వైర్లు, అంటే ఎల్‌టీ, ఆఖర్న స్తంభం.

ముందు మన స్తంభాన్ని సరిగ్గా చూడటం

బెంగళూరులో ఉండేవాళ్లకి ఇది సులువు. బీటీఎం లేఅవుట్‌లోనో మారతహళ్లి లోపలి రోడ్లలోనో ఫుట్‌పాత్ మీద నడుస్తుంటే ట్రాన్స్‌ఫార్మర్ అడ్డం వచ్చి రోడ్డు మీదకి దిగి నడవాల్సి వస్తుంది కదా, అక్కడ ఒక్క రెండు నిమిషాలు దూరంగా నిలబడి పైకి చూడండి (ముట్టుకోవద్దు, కంచె దాటొద్దు). రెండు స్తంభాలు పక్కపక్కన ఉంటాయి, మధ్యలో ఇనప చానెళ్లు వేసి వాటి మీద ట్రాన్స్‌ఫార్మర్ కూర్చోబెట్టి ఉంటారు, దీన్నే లైన్‌మన్లు డీపీ అంటారు, అంటే డబుల్ పోల్. ట్రాన్స్‌ఫార్మర్ ఒక పెట్టె ఆకారంలో ఉంటుంది, చుట్టూ వేడి పోవడానికి రేకులు లేదా గొట్టాలు, కొంచెం పెద్దదైతే పైన అడ్డంగా ఒక చిన్న నూనె డ్రమ్ము. పైన వైర్లు లోపలికి దిగే పింగాణీ కొమ్ములు, అంటే బుషింగులు, మూడు, అవి లెవెన్ కేవీ వైపు, అంటే పదకొండు వేల వోల్టుల వైపు. ఇంకోవైపు చిన్నవి నాలుగు, అవి ఇళ్ల వైపు, కరెంటు తెచ్చే ఫేజులు మూడు, అది తిరిగి వెళ్లే న్యూట్రల్ ఒకటి. దాని పైన వరసగా మూడు ఫ్యూజులు, లైను మొత్తం ఆపే ఏబీ స్విచ్, ఆ స్విచ్ నుంచి స్తంభం వెంబడి కిందకి దిగే ఒక ఇనప రాడ్డు, దాని చివర హ్యాండిల్.

ఊళ్లకి వెళ్లేటప్పుడు పొలాల మీద లైను చూస్తే ఇంకో గుర్తు దొరుకుతుంది. మన లెవెన్ కేవీ లైనుకి స్తంభం మీద వీ ఆకారంలో ఇనప ఆర్మ్ ఉంటుంది, దాని రెండు చివర్ల వైరుని మోసే పింగాణీ ఇన్సులేటర్లు రెండు, స్తంభం నెత్తిన ఒకటి, మూడు వైర్లు కలిపి చూస్తే త్రిభుజం. అనంతపురం వైపు వెళ్లినా తిరుపతి వైపు వెళ్లినా ఇదే, బీహార్‌లోనూ ఇదే. స్తంభం దీర్ఘచతురస్రాకారంలో పైకి పోయేకొద్దీ సన్నబడే సిమెంటు స్తంభం, పక్కలు నున్నగా ఉంటాయి. పైకి ఎక్కకుండా మధ్యలో ముళ్లకంచె తీగ చుట్టి ఉంటుంది, పుర్రె బొమ్మ ఉన్న డేంజర్ బోర్డు కూడా. వీ ఆర్మ్, డీపీ, ముళ్లతీగ, ఈ మూడూ ఒకే ఫొటోలో కనపడితే నేను ఇక వేరే దేశం గురించి ఆలోచించను.

ట్రాన్స్‌ఫార్మర్ పెట్టెనా, డబ్బానా

ప్రపంచంలో ఉన్న పద్ధతులన్నీ దాదాపు రెండు కుటుంబాలు. మనది యూరప్ కుటుంబం, బ్రిటిష్ వాళ్ల ద్వారా వచ్చింది. ఇంకోటి అమెరికా కుటుంబం. తేడా ట్రాన్స్‌ఫార్మర్ ఆకారంలోనే తెలిసిపోతుంది, అమెరికా రకం ఒక గుండ్రటి డబ్బా, నూనె డ్రమ్ములాగా, ఒకే స్తంభానికి పక్కన తగిలించి ఉంటుంది.

ఇలా ఎందుకైందంటే, అమెరికాలో ఇంట్లో ప్లగ్గులకి వచ్చేది 120 వోల్టులు, మనకి 230. వోల్టేజి సగమైతే అదే పవర్ ఇవ్వడానికి కరెంటు రెట్టింపు పారాలి, వైరులో పడిపోయే వోల్టేజి కూడా రెట్టింపవుతుంది, పైగా అది పడిపోయేది సగం వోల్టేజిలోంచి, అంటే శాతంలో చూస్తే నష్టం నాలుగు రెట్లు. అందుకని తక్కువ వోల్టేజి వైరుని దూరం లాగలేరు, ట్రాన్స్‌ఫార్మర్‌నే ఇంటి దాకా తీసుకురావాలి. ఫలితం, కొద్ది ఇళ్లకి ఒక చిన్న సింగిల్ ఫేజ్ డబ్బా. మన దగ్గర మూడు ఫేజుల్లో వైరు వీధి చివరిదాకా వెళ్తుంది కాబట్టి ఒక పెద్ద పెట్టె మొత్తం కాలనీకి సరిపోతుంది. కాబట్టి ఒకే ఫొటోలో స్తంభం స్తంభానికీ చిన్న డబ్బాలు కనపడుతుంటే అమెరికా కుటుంబం అని గట్టిగా అనుకోవచ్చు, వీధి మొత్తానికి ఒకటే పెట్టె ఉంటే మన కుటుంబం.

డబ్బా కనపడగానే అమెరికా అని మాత్రం అనకండి. అమెరికా, కెనడా, మెక్సికో, ఫిలిప్పీన్స్, జపాన్, కొరియా, తైవాన్, ఇలా చాలా దేశాల్లో డబ్బాలే. ఫిలిప్పీన్స్ 1946 దాకా అమెరికా చేతిలో ఉంది కాబట్టి ఇళ్లకి ఇచ్చే వోల్టేజి మనలాగా 230 దగ్గర ఉన్నా స్తంభం మీద బొమ్మంతా అమెరికాదే. బ్రెజిల్ మధ్యరకం, అక్కడ త్రీఫేజ్ పెట్టెనే ఒకే ఒక్క స్తంభానికి పక్కన తగిలిస్తారు, రెండు స్తంభాలు అక్కర్లేదు. థాయిలాండ్‌లో మాత్రం రెండు స్తంభాల మధ్య గట్టు కట్టి పెట్టెని దాని మీద పెడతారు, చూడగానే మన డీపీ గుర్తొస్తుంది, అక్కడ కూడా బండ్లు ఎడమవైపే వెళ్తాయి కాబట్టి తొందరపడితే దెబ్బతింటారు. వీ ఆర్మ్ ఉందా లేదా చూస్తే తేడా బయటపడుతుంది.

పైన వైర్లు లెక్కపెట్టడం

ఇక్కడే ఎక్కువ టైం పెట్టండి. ఆకాశంలో వైర్లు లెక్కపెట్టకండి, ఫొటోలో సన్నటి వైర్లు మాయమైపోతాయి, స్ట్రీట్ వ్యూలో అయితే ఫొటోలు అతికించిన చోట తెగిపోయి కనపడతాయి. ఇన్సులేటర్లు లెక్కపెట్టండి, అవి లావుగా ఉంటాయి, పింగాణీ రంగులో స్పష్టంగా తెలుస్తాయి. స్తంభం తల ఫ్రేములోకి రాకపోతే రోడ్డు మీద పడిన నీడ చూడండి, పొద్దున సాయంత్రం తీసిన ఫొటోల్లో ఆర్మ్ ఆకారం, ఇన్సులేటర్ల సంఖ్య నీడలో బాగా పడుతుంది. కింద వేలాడే నల్లటి లావు వైర్లు కేబుల్ టీవీ, ఇంటర్నెట్‌వి, వాటిని లెక్కలోంచి తీసెయ్యండి. రైలు పట్టాల పక్కన ఉండే స్తంభాలు, ఉత్త వీధి దీపాల స్తంభాలు కూడా ఈ లెక్కలోకి రావు.

మిగిలిన హెచ్‌టీ వైర్లు ఎన్ని ఉన్నాయో చూస్తే పల్లెటూరి ఫొటోల్లో చాలా దూరం వెళ్లొచ్చు.

మూడు వైర్లుంటే పెద్దగా ఏం తేలదు, అన్నిచోట్లా ఉంటాయి. రెండు వైర్లు ఒకే ఎత్తులో, అడ్డంగా ఉన్న చిన్న ఆర్మ్ మీద, రెండింటికీ ఒకే సైజు ఇన్సులేటర్లు ఉంటే అది రెండు ఫేజుల మధ్య తీసుకున్న సింగిల్ ఫేజ్, బ్రిటన్ పల్లెల్లో చెక్క స్తంభాల మీద ఇది ఎక్కువ. నెత్తిన ఒకటే వైరు, కింద ఓ మీటరు పైన దూరంలో ఇంకో వైరు చిన్న బొంగరం లాంటి ఇన్సులేటర్‌కి స్తంభాన్ని అంటుకుని వెళ్తుంటే, ఆ కింద వైరు న్యూట్రల్. దాన్నుంచి స్తంభం వెంబడి సన్నటి ఎర్త్ తీగ నేలలోకి దిగుతుంది, అలా వరసగా కొన్ని స్తంభాలకొకసారి దిగుతూనే ఉంటుంది. ఇది అమెరికా పద్ధతికి ముద్ర లాంటిది. డబ్బా పైన బుషింగ్ కూడా ఒకటే ఉంటుంది, ఎందుకంటే రెండో కొస న్యూట్రల్‌కి కలిపేస్తారు.

ఇక ఒకటే వైరు, కింద ఏమీ లేదు. ఇది భూమినే రెండో వైరుగా వాడే పద్ధతి, న్యూజిలాండ్‌లో లాయిడ్ మాండెనో అనే ఇంజనీర్ 1925 ప్రాంతంలో మొదలుపెట్టాడు. మైళ్ల దూరంలో ఒక్కో ఇల్లుండే చోట వైరు ఖర్చు తగ్గించుకోవడానికి పనికొస్తుంది. ఆస్ట్రేలియా లోపలి ప్రాంతాల్లో విపరీతంగా వాడతారు, బ్రెజిల్‌లోనూ ఆఫ్రికా దక్షిణ భాగంలోనూ ఉంది. ఎడమవైపు డ్రైవింగ్, ఎర్రమట్టి, స్తంభానికీ స్తంభానికీ చాలా దూరం, నెత్తిన ఒకే తీగ, ఇవన్నీ కలిస్తే ముందు ఆస్ట్రేలియా, తర్వాత ఆఫ్రికా దక్షిణ భాగం అనుకోవచ్చు.

జపాన్‌ది వేరే రకం. డబ్బానే ఉంటుంది కానీ పైన మూడు వైర్లు, న్యూట్రల్ లేదు, ఎందుకంటే అక్కడ 6.6 కేవీ లైను న్యూట్రల్ లేకుండానే నడుస్తుంది. త్రీఫేజ్ కావాల్సిన చోట మూడు డబ్బాలకి బదులు రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టడం అక్కడ మామూలు. గుండ్రటి సిమెంటు స్తంభం, ఎడమవైపు బండ్లు, రెండు డబ్బాలు ఉంటే జపానే.

ఇళ్లకి వెళ్లే ఎల్‌టీ వైర్ల గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే ఇప్పుడు చాలా దేశాల్లో విడివిడి వైర్లు తీసేసి అన్నీ కలిపి పురిపెట్టిన నల్ల కేబుల్ వేస్తున్నారు, బెంగళూరులో కూడా చాలా వీధుల్లో అదే. విడివిడిగా నాలుగైదు వైర్లు ఉంటే మన కుటుంబం, డబ్బా నుంచి రెండు తొడుగున్న వైర్లు ఒక బోసి వైరు కలిపి పురిపెట్టి ఇంటికి వెళ్తే అమెరికా కుటుంబం, అంతవరకు చాలు.

ఇప్పుడు స్తంభం

ఇక్కడిదాకా వచ్చాక చేతిలో నాలుగైదు దేశాలు మిగులుతాయి, వాటిలో ఒకటి ఏరడానికి స్తంభం పనికొస్తుంది. కొన్ని స్తంభాలు మాత్రం అసలు ఏ లెక్కా అక్కర్లేకుండానే చెప్పేస్తాయి. ఆస్ట్రేలియాలో అడిలైడ్ చుట్టూ రెండు ఇనప దూలాల మధ్య సిమెంటు పోసిన పలకల్లాంటి స్తంభాలుంటాయి, స్టోబీ పోల్ అంటారు. అక్కడి కరెంటు కంపెనీ ఇంజనీర్ జేమ్స్ స్టోబీ 1924లో తయారుచేశాడు, ఆ రాష్ట్రంలో పొడవాటి గట్టి చెక్క తక్కువ, ఉన్నదాన్ని చెదలు తినేస్తాయి, అందుకే ఈ దారి పట్టారు. దేశం ఒక్కటే కాదు, అది దక్షిణ ఆస్ట్రేలియా అని రాష్ట్రం కూడా వచ్చేస్తుంది. మెక్సికోలో సిమెంటు స్తంభానికి ఎనిమిది ముఖాలుంటాయి, వెలుగు పడితే అంచులు గీతల్లా కనపడతాయి. బ్రెజిల్‌లో స్తంభం పక్కలు లోపలికి గుంత పడి ఉంటాయి, అడ్డంగా కోస్తే ఐ అక్షరం ఆకారం. తైవాన్‌లో స్తంభం మొదట్లో పసుపు నలుపు ఏటవాలు చారలు, కొరియాలోనూ అలాంటివే ఉంటాయి కాబట్టి ఆ చారల్ని మాత్రమే నమ్ముకోకండి.

ఒక ఫొటో మొత్తం చేసి చూద్దాం

మా రూములో ఉండే అమలాపురం తమ్ముడు ఒకరోజు ఫోన్ చూపించి, "అన్నా, ఇది కచ్చితంగా మా వైపే, చూడు" అన్నాడు. వరిచేలు, కొబ్బరిచెట్లు, పక్కన చెరువు, సన్నటి తారురోడ్డు, ఎడమవైపు వెళ్తున్న మూడు చక్రాల బండి. నిజంగానే కోనసీమలా ఉంది. రోడ్డు పక్కన గుండ్రటి సిమెంటు స్తంభం, దాని మీద బూడిదరంగు డబ్బా.

"డీపీ ఏదిరా?" అన్నాను. లేదు. జూమ్ చేస్తే డబ్బా పైన బుషింగ్ ఒకటే. స్తంభం నెత్తిన ఒకే ఇన్సులేటర్, ఓ మీటరున్నర కింద చిన్న బొంగరం మీద ఇంకో వైరు, అక్కణ్నుంచి సన్నటి తీగ నేలలోకి. అంటే న్యూట్రల్‌తో నడిచే అమెరికా పద్ధతి. వీ ఆర్మ్ లేదు. ఆంధ్రా కాదు, శ్రీలంక కూడా కాదు, అక్కడ పద్ధతి కూడా బ్రిటిష్ వాళ్ల నుంచి వచ్చిన మూడు వైర్లదే, పైగా పల్లెల్లో 33 కేవీ లైన్లు ఎక్కువ కాబట్టి ఇన్సులేటర్లు ఇంకా పెద్దగా ఉంటాయి.

ఇప్పుడు ప్రశ్న, అమెరికా పద్ధతి ఉండి, ఎడమవైపు బండ్లు నడిచే దేశాలేవి? ఫిలిప్పీన్స్‌లో కుడివైపు, పోయింది. జపాన్‌లో పైన మూడు వైర్లు, పోయింది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఒంటి వైరు లైన్లకి కింద న్యూట్రల్ ఉండదు, అవీ పోయాయి. జమైకా మిగిలింది కానీ ఇలాంటి పల్లపు వరిచేలు అక్కడ కష్టం. గయానా కూడా మిగిలింది, దాన్ని తేలిగ్గా తీసెయ్యకూడదు, ఎందుకంటే దక్షిణ అమెరికాలో ఉన్నా అక్కడ ఎడమవైపే డ్రైవింగ్, సముద్రం పక్కన వరి, కొబ్బరి, భారతీయ మూలాలున్న జనం, మనుషుల్ని చూసినా మోసపోతాం. నాకు గుర్తొచ్చినవాటిలో చివరిది బంగ్లాదేశ్.

చాలామందికి బంగ్లాదేశ్‌లో అమెరికా పద్ధతి ఏంటని అనుమానం వస్తుంది. అక్కడ 1977లో గ్రామీణ విద్యుదీకరణ బోర్డు పెట్టినప్పుడు అమెరికా గ్రామీణ కరెంటు సహకార సంఘాల సంస్థ ఎన్ఆర్ఈసీఏ సాయం తీసుకున్నారు, సంఘాల పద్ధతితో పాటు లైన్ల డిజైను కూడా అక్కణ్నుంచే వచ్చింది. అందుకే పల్లీ బిద్యుత్ సమితులు అనే ఆ సంఘాల కింద ఉన్న ఊళ్లలో సింగిల్ ఫేజ్ వైరు, కింద న్యూట్రల్, గుండ్రటి డబ్బా. సరిహద్దు దాటి పశ్చిమ బెంగాల్‌లోకి వస్తే అదే వరిచేను, అదే చెరువు, అదే భాష, కానీ స్తంభం మీద మళ్లీ మన మూడు వైర్లు, పెట్టె ట్రాన్స్‌ఫార్మర్.

గయానాకీ బంగ్లాదేశ్‌కీ మధ్య తేల్చింది ఆఖరి మెట్టు. గయానాలో వల్లబా అనే గట్టి చెక్క అడవుల్లో దొరుకుతుంది, దాంతోనే స్తంభాలు చేసి బయటి దేశాలకి కూడా అమ్ముతారు, అక్కడి లైన్లు చెక్క స్తంభాల మీదే వెళ్తాయి. మన ఫొటోలో ఉన్నది సిమెంటు. బంగ్లాదేశ్ అని పెట్టాం, తమ్ముడు ఆ రోడ్డు మీద కొంచెం ముందుకి జరిపితే ఒక కొట్టు మీద బెంగాలీ బోర్డు వచ్చింది.

ఎక్కడ పనిచెయ్యదు

పెద్ద ఊళ్ల నడిబొడ్డున ఈ పద్ధతి బలహీనం. చెన్నై సిటీలో చాలా ఏరియాల్లో కరెంటు భూమిలోంచే వస్తుంది, రోడ్డు పక్కన ఇళ్లకి కరెంటు పంచే పిల్లర్ బాక్సులు తప్ప పైన చూడ్డానికి ఏమీ ఉండదు, టీనగర్ ఫొటో ఇచ్చి స్తంభంతో తేల్చమంటే కుదరదు. అలాంటి చోట ఆ పిల్లర్ బాక్సునే గుర్తు పెట్టుకోవాలి.

మన పల్లెల్లో ఒక తికమక ఉంది. ఆంధ్రా, తెలంగాణల్లో పంపుసెట్ల కోసం హెచ్‌వీడీఎస్ అనే పద్ధతి కింద చిన్నచిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఒకే స్తంభం మీద పెట్టారు, మోటారు పక్కదాకా లెవెన్ కేవీ తీసుకెళ్లి అక్కడ దించుతారు. దూరం నుంచి చూస్తే డీపీ లేదు, చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఒకే స్తంభానికి వేలాడుతోంది, కాబట్టి అమెరికా కుటుంబం అనిపిస్తుంది. అప్పుడు ఒక్క స్తంభంతో తీర్పు చెప్పకుండా లైను వెంబడి వెనక్కి నాలుగైదు స్తంభాలు వెళ్లండి, వీ ఆర్మ్ మీద మూడు వైర్ల లైను కలుస్తుంది.

ఢాకా సిటీ దీనికి సరిగ్గా తిరగేసిన కేసు. అక్కడి సిటీ కంపెనీలు పల్లీ బిద్యుత్ కిందకి రావు, రెండు స్తంభాల మధ్య త్రీఫేజ్ పెట్టె కనపడుతుంది, కోల్‌కతాకీ దానికీ ట్రాన్స్‌ఫార్మర్‌తో తేడా చెప్పలేం, బోర్డుల మీద లిపి కూడా ఒకటే. స్ట్రీట్ వ్యూ అయితే ఊరి బయటికి జరుగుతూ పోయి సింగిల్ ఫేజ్ లైను తగులుతుందేమో చూడాలి. కదలని ఒక్క ఫొటోనే అయితే స్తంభాన్ని వదిలేసి, బోర్డుల్లో ఎక్కడైనా బెంగాలీ పక్కన హిందీ ఉందా అని వెతకడం మేలు.